తప్పొప్పుల పట్టికలో అయిదో గడి

పాత తెలుగు పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక అని ఒకటో రెండో పుటలు ఉండేవి. అందులో పుట, పంక్తి, తప్పు, ఒప్పు అని నాలుగు గడులు. అచ్చుకూటంలో జరిగిన పొరపాట్లు చెప్పడానికి ఆ నాలుగూ చాలు. తప్పు పుట్టే చోటు ఒకటే కాబట్టి అది ఎవరిదన్న ప్రశ్నే రాదు. అదే పుస్తకం ఇప్పుడు స్కానై, యంత్రం చేత చదివించబడి, ఒక స్వచ్ఛంద కార్యకర్త దిద్దగా మన ముందుకు వచ్చిందనుకోండి. అందులో కనిపించే తప్పు నాలుగు చోట్లలో ఎక్కడైనా పుట్టి ఉండొచ్చు. కంపోజిటరు తప్పు పేర్చి ఉండొచ్చు, స్కాను చేసినవారు పుట వదిలేసి ఉండొచ్చు, బొమ్మలోని అక్షరాన్ని యంత్రం మరోలా చదివి ఉండొచ్చు, దిద్దినవారు సరిగా ఉన్నదాన్ని మార్చి ఉండొచ్చు. కార్యకర్తకు రాసే చీటీలో ‘ఎక్కడ పుట్టింది’ అన్న అయిదో గడి లేకపోతే ఆ చీటీ అందుకున్న మనిషి నాలుగు రకాల తప్పులనూ తన నెత్తినే వేసుకుంటాడు. రెండు రోజులు నొచ్చుకుంటాడు. మూడో రోజు నుంచి పని మానేస్తాడు.

మనలో చాలామంది సంపాదకులు పంపే చీటీ ఇలా ఉంటుంది: ‘చూశాను. చాలా తప్పులు దొర్లాయి. మరోసారి జాగ్రత్తగా చూడగలరు.’ ఇందులో అమర్యాద ఏమీ లేదు, పనికొచ్చే ముక్క కూడా లేదు. రెండు వందల పుటలు కళ్లు కాయలు కాసేలా చూసిన మనిషికి, మళ్లీ ఏ పుటలో దేనికోసం చూడాలో తెలియదు. అందుకే ఈ అధ్యాయంలో ఒక్క చీటీనే తీసుకుని, దాన్ని రాయడానికి ముందు సంపాదకుడు ఏం చూడాలో, రాసేటప్పుడు ఏది ముందు చెప్పాలో చూద్దాం.

నమూనాగా తీసుకున్నది నూరేళ్లు దాటిన ఒక పద్యకావ్యం. అచ్చు పుటలు 212. అరసున్నలు, బండి ర అన్నీ పాటించిన అచ్చు. చివర తప్పొప్పుల పట్టిక ఉంది. దిద్దినవారు రిటైరైన తెలుగు పండితులు. వ్యాకరణం, ఛందస్సు కరతలామలకం. అందరూ ఆయన్ని మాస్టారనే పిలుస్తారు. సంపాదకుడు ఆయనకంటే ముప్ఫయ్యేళ్లు చిన్న. ఈ వయసు తేడా చీటీ భాషను మార్చాలి గానీ అందులోని విషయాన్ని మార్చకూడదు.

ముందు పుటల లెక్క

అక్షరాల జోలికి వెళ్లేముందు పుస్తకం మొత్తం ఉందో లేదో తేల్చుకోవాలి. స్కాను ఫైలులో ప్రతి బొమ్మకూ ఒక వరస సంఖ్య ఉంటుంది, పుట మీద అచ్చయిన సంఖ్య వేరే ఉంటుంది. మొదట్లో అట్ట, ముఖపత్రం, పీఠిక ఉంటాయి కాబట్టి ఈ రెండూ కలవవు. మన పుస్తకంలో అచ్చు సంఖ్య 1 ఉన్న పుట 15వ బొమ్మలో ఉంది. అంటే తేడా 14. పుటలన్నీ సక్రమంగా ఉంటే ఈ తేడా చివరిదాకా మారకూడదు.

అన్ని పుటలూ తిప్పక్కర్లేదు. 33వ పుట చూస్తే అది 47వ బొమ్మ, తేడా 14, బాగానే ఉంది. 65వ పుట 77వ బొమ్మగా వచ్చింది, తేడా 12. అంటే 33కూ 65కూ మధ్య రెండు పుటలు లేవు. మధ్యలో 49 చూస్తే 61వ బొమ్మ, తేడా 12. కనుక లోపం 49కి ముందే. 41 చూస్తే 55వ బొమ్మ, తేడా 14. ఇక 41కీ 49కీ మధ్య వరసగా చూస్తే 45వ పుట 59వ బొమ్మ, దాని వెంటనే 60వ బొమ్మలో 48వ పుట. పోయినవి 46, 47. తేడా తగ్గితే పుటలు పోయినట్టు, పెరిగితే ఏదో పుట రెండుసార్లు స్కానయినట్టు. ఒకే పుస్తకంలో రెండు పోయి, మరోచోట రెండు రెట్టించబడితే చివరి లెక్క సరిపోయి మోసం చేస్తుంది. అందుకే మొదలూ చివరా మాత్రమే చూసి వదిలేయకూడదు.

పోయినవి ఏ సంఖ్యలో గమనించడం అంతకంటే ముఖ్యం. తెలుగు పుస్తకం తెరిచిపెడితే బేసి సంఖ్య పుట కుడివైపు ఉంటుంది. ఒక కాగితానికి ముందు 45 ఉంటే వెనక 46 ఉంటుంది. తెరిచినప్పుడు ఎదురెదురుగా కనిపించేవి మాత్రం 46, 47. కాబట్టి 45, 46 కలిసి పోతే అది చిరిగిపోయిన కాగితం, ఆ ప్రతిలోనే లేదు, వేరే ప్రతి వెతకాల్సిందే. 46, 47 కలిసి పోతే కాగితం చిరగలేదు. స్కాను చేసేటప్పుడు రెండు కాగితాలు కలిసి తిరగబడ్డాయి. పుస్తకంలో ఆ పుటలు భద్రంగా ఉన్నాయి, ఆ గ్రంథాలయం వారినే అడగొచ్చు. కుట్టు విప్పి ఒక్కొక్క కాగితం స్కాను చేసిన పుస్తకాలకు మాత్రం ఈ గుర్తు పనిచేయదు. వాటిలో స్కానరు వదిలేసినా కాగితం లెక్కనే పోతుంది.

అడుగున కనిపించే అంకె

33వ పుట దిద్దిన పాఠంలో ఆఖరి పద్యం తర్వాత ఒంటరిగా ‘౩’ అని ఉంది. మాస్టారు దాన్ని పద్యం సంఖ్య అనుకుని ఉంచేశారు. అది పద్యానిది కాదు, ఫారానిది. పెద్ద కాగితం మీద పదహారు పుటలు అచ్చువేసి, మడిచి, కుట్టేవారు. ఆ మడతను ఫారం అంటారు. కుట్టేవాడికి వరస తెలియడానికి ప్రతి ఫారం మొదటి పుట అడుగున ఒక అంకె వేసేవారు. పదహారు పుటల ఫారమైతే ఆ అంకెలు 1, 17, 33, 49 పుటల్లో వస్తాయి. 33 మూడో ఫారం మొదలు కాబట్టి అక్కడ ౩ ఉంది. పాఠంలో దాన్ని తీసేయాలి. సంపాదకుడికి మాత్రం అది పనికొస్తుంది. పుట సంఖ్యలు చెరిగిపోయిన చోట ఈ అంకెల్ని బట్టి వరస చూసుకోవచ్చు. ఇలాంటి తప్పు ఒకచోట దొరికితే, మిగతావి ఎక్కడుంటాయో లెక్క కట్టి చెప్పేయొచ్చు: 17, 49, 65, 81, ఇలా పదహారేసి దూరంలో.

మాయమైన అరసున్న

2000 తర్వాతి దశాబ్దంలో స్కానయిన పాత తెలుగు పుస్తకాల్లో చాలావాటి బొమ్మలు నలుపు, తెలుపు రెండే విలువల్లో ఉంటాయి. మధ్యలో బూడిదరంగు ఉండదు. ప్రతి చుక్కనూ ఇటో అటో తేల్చేస్తారు. దీనివల్ల ఫైలు చిన్నదవుతుంది, సన్నటి గీతలు మాత్రం పోతాయి. తెలుగులో అన్నిటికంటే సన్నటి గీత అరసున్నది. దాని తర్వాత తలకట్టు, మహాప్రాణాల కింద ఉండే చిన్న నిలువుగీత. సిరా కొంచెం పలచబడితే ‘ధ’ బొమ్మలోనే ‘ద’ అయిపోతుంది. దీనికి తిరగబడిన కేసు కాగితం మీది తుప్పుమచ్చ. అది నల్లచుక్కగా మారి, లేని సున్ననో బిందువునో పుట్టిస్తుంది.

మన పుస్తకం 20వ పుటలో, అంటే 34వ బొమ్మలో, ‘రాముని జూచి’ అని ఉంది. మాస్టారు దాన్ని ‘రాముని చూచి’ అని దిద్దారు. బొమ్మలో చూస్తే జ స్పష్టంగా ఉంది. ఇక్కడ మాస్టారి వ్యాకరణాన్నే ఆయనకు గుర్తు చేయాలి. ద్రుతం మీద క చ ట త ప లు గ జ డ ద బ లవుతాయి. రామునిన్ + చూచి, సరళాదేశం జరిగి ‘రామునిఁ జూచి’. జ ఉందంటే దాని ముందు అరసున్న ఉండాల్సిన చోటు అది. నలుపు తెలుపు బొమ్మలో అరసున్న రాలిపోయింది, జ మిగిలింది. ఆ మిగిలినదాన్నీ దిద్దేస్తే అరసున్న ఉండేదన్న ఆనవాలు కూడా పోతుంది.

అయితే జ కనిపించింది కదా అని అరసున్న చేర్చేయడమూ తప్పే. అరసున్నలు వదిలేసి, సరళాలు మాత్రం ఉంచిన అచ్చులు ఎన్నో ఉన్నాయి. ముందు పుస్తకం తీరు చూడాలి. అయిదారు పుటల్లో ‘వాఁడు’, ‘కాఁడు’ వంటి మాటలు ఎలా వేశారో చూసి, అచ్చుకూటం అరసున్న వాడిందని తేలాక, అనుమానం ఉన్న చోట బొమ్మను నాలుగింతలు పెద్దది చేసి చూడాలి. రెండు అక్షరాల మధ్య ఖాళీ మామూలుకంటే ఎక్కువుంటే అక్కడ ఒక టైపు కూర్చుందన్నమాట. సీసపు అక్షరం సిరా అంటకపోయినా తన జాగా తాను తీసుకుంటుంది. ఆ ఖాళీ కనిపిస్తే అరసున్న చేర్చి, చేర్చినట్టు గుర్తు పెట్టాలి. కనిపించకపోతే ఉన్నదున్నట్టు వదలాలి.

పండితుడి దిద్దుబాటు

ఇప్పుడు అసలు ఇబ్బంది. 88వ పుటలో అచ్చులో ‘రాజు వలికె’ అని ఉంది. దిద్దిన పాఠంలో ‘రాజు పలికె’ అని ఉంది. యంత్రం ప, వ లను తరచుగా తారుమారు చేస్తుంది. వాటి మధ్య తేడా తలకట్టు అంటుకుందా లేదా అన్నంత మాత్రమే. వరసగా నలభై చోట్ల యంత్రం ‘వ’ అన్నదాన్ని ‘ప’గా దిద్దిన చేయి, నలభై ఒకటో చోటా అలవాటుగా దిద్దేసింది. ఇక్కడ మాత్రం యంత్రం సరిగ్గానే చదివింది. ప్రథమ మీద పరుషాలకు గసడదవలు రావడం ఆయన పాఠాలు చెప్పిన సంధే.

భాష బాగా వచ్చినవారి తప్పు ఇలా ఉంటుంది. భాష రానివాడు ‘వలికె’ అంటే ఏమిటో తెలియక బొమ్మ వంక చూస్తాడు, ఉన్నదే కొడతాడు. వచ్చినవాడు పాఠం చదువుతూ పోతాడు, బొమ్మ చూడడు. కాబట్టి చీటీలో ‘జాగ్రత్తగా చదవండి’ అని రాస్తే పని మరింత చెడుతుంది. ఆయన చదవడంలో లోటేమీ లేదు. చదవడం తగ్గించి చూడటం పెంచమని చెప్పాలి. మాటకు మాట చెప్పాలంటే, వ ని ప గా మార్చే ప్రతిసారీ ఒక్కసారి బొమ్మకేసి చూడమని.

ఛందస్సు కూడా ఇలాంటి రెండంచుల కత్తే. 104వ పుటలో ఒక కందపద్యం మూడు పాదాల్లో రెండో అక్షరం మ, ఒక పాదంలో య. ప్రాస తప్పింది కాబట్టి అనుమానం సరైనదే. మ, య లు యంత్రానికి కవలపిల్లలు. బొమ్మ చూస్తే నాలుగు పాదాల్లోనూ మ నే ఉంది. ఇక్కడ ఛందస్సు తప్పును పట్టిచ్చింది. అదే బొమ్మలో కూడా య నే ఉండి ఉంటే? అప్పుడది కంపోజిటరు తప్పో, కవి తప్పో. దాన్ని దిద్దే అధికారం మనకు లేదు. యతిప్రాసలు ఎక్కడ చూడాలో చెబుతాయి, అక్కడ ఏముందో బొమ్మ చెబుతుంది.

అచ్చుతప్పును అచ్చుతప్పుగా ఉంచడం

130వ పుటలో ‘మాసము’ అని అచ్చయింది. సందర్భం అభిమానం గురించి. పుస్తకం చివరి తప్పొప్పుల పట్టిక చూస్తే 130వ పుటకు ‘మాసము’ తప్పు, ‘మానము’ ఒప్పు అని ప్రచురణకర్తలే వేశారు. మాస్టారు పాఠంలో ‘మానము’ అని దిద్ది, పట్టికలో ఆ వరసను తీసేశారు. తప్పు పోయింది కదా, ఇక పట్టికలో ఎందుకని.

ఇంటి లైబ్రరీకి కొత్త ముద్రణ వేస్తుంటే ఆయన చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. మనం వేస్తున్నది పాత ముద్రణకు నకలు. రేపు ఎవరైనా బొమ్మనూ పాఠాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, బొమ్మలో స, పాఠంలో న కనిపిస్తుంది. అది మన తప్పో, దిద్దుబాటో వాళ్లకు తెలిసే దారి ఉండదు. పాఠంలో ‘మాసము’ ఉంచి, పక్కన ‘మానము’ అని సూచిక పెట్టాలి. పట్టిక పట్టికగా ఉండాలి. దిద్దడం మొదలుపెట్టకముందే పట్టికను చదివి, అందులోని చోట్లన్నీ గుర్తుపెట్టుకుంటే ఈ గొడవ రాదు. ఈ సంగతి మాత్రం కార్యకర్తకు పని అప్పగించిన రోజే చెప్పాలి. చెప్పకుండా తర్వాత తప్పు పట్టడం న్యాయం కాదు.

కంటికి కనపడనిది

ఇంకొకటి క్లుప్తంగా. యూనికోడులో సున్న ‘ం’ వేరు, తెలుగు అంకె సున్నా ‘౦’ వేరు. మొదటిది `U+0C02`, రెండోది `U+0C66`. తెర మీద చాలా ఫాంట్లలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. యంత్రమూ కలిపేస్తుంది, మనుషులూ కలిపేస్తారు. అంకెతో కొట్టిన ‘అ౦తము’ను ఎవరైనా ‘అంతము’ అని వెతికితే దొరకదు. దీన్ని ఏ కళ్లజోడూ పట్టుకోలేదు. వెతుకులాటలో నమూనాలను ఒప్పుకునే ఎడిటరులో ఇది కొడితే, అక్షరం వెనక అంకె సున్నా ఉన్న చోట్లన్నీ బయటపడతాయి:

```
[అ-ౌ]౦
```

ఇది కార్యకర్త మీద పెట్టాల్సిన పని కాదు. సంపాదకుడు తన బల్ల మీద కూర్చుని కాసేపట్లో పూర్తిచేయగలిగేది. చీటీలో ‘ఇది నేను చేసేశాను’ అని ఒక్క వాక్యం చాలు. పుట సంఖ్యల్లో ఉన్న ౧౦, ౨౦ వంటివి ఈ నమూనాకు తగలవు, వాటిని ముట్టుకోకూడదు.

చీటీ

ఇంత చూశాక రాసిన చీటీ ఇది.

‘మాస్టారికి నమస్కారం.

మీరు దిద్దిన 210 పుటలూ బొమ్మలతో పోల్చి చూశాను. రెండు పుటలు మన దగ్గరకు రానేలేదు. 46, 47 స్కానులో లేవు. 45 తర్వాత నేరుగా 48 ఉంది. పద్యం సగంలో తెగినట్టు మీకూ అనిపించి ఉంటుంది. ఆ రెండూ ఎదురెదురు పుటలు కాబట్టి పుస్తకంలో ఉండే ఉంటాయి. గ్రంథాలయానికి నేను రాస్తున్నాను. ఆ చోట మీరేమీ చేయనక్కర్లేదు.

61వ పుటలో కుట్టు లోపలికి పోయి పంక్తుల మొదటి అక్షరాలు బొమ్మలో పడలేదు. మీరు పూరించినవి ఛందస్సుకు అతికాయి, చాలామటుకు అవే అయి ఉంటాయి కూడా. అయినా బొమ్మలో లేని అక్షరాలు మనం చేర్చామని చదివేవారికి తెలియాలి. అందుకని వాటిని చదరపు కుండలీకరణాల్లో పెట్టమని మనవి. ఆ పుట కూడా మళ్లీ స్కాను చేయమని అడుగుతున్నాను.

యంత్రం చేసినవి రెండు. 104లో రెండో పద్యం, మూడో పాదంలో రెండో అక్షరం మ ఉండాలి, య పడింది. 33 అడుగున ఉన్న ౩ ఫారం అంకె, పద్యం సంఖ్య కాదు. 17, 49, 65 ఇలా పదహారేసి పుటలకు ఒకసారి వస్తుంది. ఆ చోట్లు చూసి తీసేయండి. సున్నకు బదులు అంకె సున్నా పడినవన్నీ నేను సరిచేశాను.

ఇక మీరు మార్చినవాటిలో రెండు వెనక్కి తిప్పాలి. 20లో “చూచి” అని దిద్దారు, బొమ్మలో “జూచి” ఉంది. ముందున్న అరసున్న స్కానులో రాలిపోయింది. అక్షరాల మధ్య దాని జాగా కనిపిస్తోంది. “రామునిఁ జూచి” అని ఉంచి, అరసున్న మనం చేర్చినదని సూచిక పెడదాం. 88లో “రాజు వలికె” గసడదవాదేశమే, యంత్రం ఈసారి సరిగ్గా చదివింది. ఇలాంటివి ఇంకా ఉండొచ్చు. 80 నుంచి 100 దాకా వ ని ప గా మార్చిన చోట్లు మాత్రమే ఒకసారి బొమ్మతో చూడగలరా? అక్కడ తేలినదాన్ని బట్టి మిగతా పుస్తకం సంగతి ఆలోచిద్దాం.

130లో “మాసము” అచ్చుతప్పే. కానీ మనది ఆ ముద్రణకు నకలు కాబట్టి అచ్చులో ఉన్నది ఉంచి, ఒప్పును సూచికలో ఇద్దాం. చివరి పట్టికలో మీరు తీసేసిన వరసను తిరిగి పెట్టాలి. ఇది మొదట్లోనే చెప్పాల్సిన నియమం, ఇప్పుడు చెబుతున్నాను.

112లో ఒక అక్షరం ఢ నో డ నో నాకు తెలియలేదు. మీరు డ అన్నారు. ఏం చూసి నిర్ణయించారో చెప్తే నేర్చుకుంటాను.’

ఆ వరస ఎందుకు

చీటీలో మొదట వచ్చేవి కార్యకర్తకు సంబంధం లేని లోపాలు. అవి చదివేసరికి తప్పుల్లో ఎక్కువ భాగం తన చేతివి కావని ఆయనకు అర్థమవుతుంది. తర్వాత యంత్రానివి. ఆయనవి ఆ తర్వాతే వస్తాయి. అప్పటికి ‘మీరు మార్చినవి’ అన్న మాట దెప్పినట్టు ఉండదు, వర్గాల్లో ఒకటిగా ఉంటుంది. అలాగని ఆయన తప్పును ‘దొర్లింది’ అని కర్త లేకుండా రాయకూడదు. ఎవరు మార్చారో చెప్పకపోతే ఏ అలవాటు మార్చుకోవాలో తెలియదు.

పొగడ్తతో మొదలుపెట్టమని సలహా చెప్పేవారుంటారు. పండితుడికి అది వెంటనే తెలిసిపోతుంది, వెనక ఏదో రాబోతోందని గ్రహించి పొగడ్తను పక్కన పెట్టేస్తాడు. ‘మీరు పూరించినవి ఛందస్సుకు అతికాయి’ అన్న వాక్యం పొగడ్త కాదు, పరిశీలన. దానికి విలువ ఉంది. ఆఖరి పేరాలోని ప్రశ్న కూడా మర్యాద కోసం పెట్టింది కాదు. డ, ఢ ల మధ్య తేడా బొమ్మలో మూడు నాలుగు చుక్కలు. వాటిని నిజంగానే ఆయన కన్ను పట్టి ఉండొచ్చు.

పని అడిగిన తీరు చూడండి. ‘మొత్తం మళ్లీ చూడండి’ అనలేదు. ఇరవై ఒక్క పుటల్లో ఒకే రకం మార్పును చూడమన్నాం. అందులో గసడదవలు అరడజను తేలితే పుస్తకమంతా వెతకాల్సిందే. ఒకటి రెండే తేలితే మిగతావి రెండో మనిషికి వదిలేయొచ్చు. తెలుగు వికీసోర్స్‌లో ఒకరు అచ్చుదిద్దిన పుటను మరొకరు ఆమోదించాలన్న నియమం ఉంది. ఒకే జత కళ్లు ఒకే రకం తప్పును పదేపదే దాటిపోతాయన్నది ఆ పని చేసిన ఎవరికైనా అనుభవమే. మీ సంస్థలో అలాంటి నియమం లేకపోతే పెట్టుకోండి.

సంపాదకుడు తానే అన్నీ దిద్దేసి చీటీ మానేయడం కూడా జరుగుతుంటుంది. చేయి తిరిగినవాడికి అదే తేలిక. కానీ మాస్టారు తర్వాతి పుస్తకంలోనూ వ ని ప చేస్తారు, ఈసారి ఆ పుస్తకం మీ దాకా రాకపోవచ్చు. ఇంకో చిక్కు, ఎప్పుడో ఆయన తన పుటలు తెరిచి చూసుకుంటే, చెప్పకుండా మారిన అక్షరాలు కనిపిస్తాయి. ఫోనులో చెప్పేద్దామనిపిస్తే, ముందు చీటీ పంపి తర్వాత ఫోను చేయండి. పుట సంఖ్యలు నోటితో చెబితే నిలవవు.

ఆ రెండు పుటలు

గ్రంథాలయానికి రాసేటప్పుడు పుస్తకం పేరు ఒక్కటే రాస్తే పని జరగదు. ముఖపత్రం బొమ్మ, ప్రచురణ సంవత్సరం, ఆ ప్రతి మీద వేసిన ముద్రలోని నమోదు సంఖ్య, కావలసిన పుటలు 46, 47, 61 అని రాయాలి. బూడిదరంగు విలువలతో, అంగుళానికి 400 చుక్కలకు తగ్గకుండా స్కాను చేయమని అడగాలి. 45, 48 కూడా కలిపి పంపమంటే అతుకు సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవచ్చు.

జవాబు రాకపోతే మరో ప్రతి దొరుకుతుందేమో వెతకాలి. ఇక్కడే తొందరపాటు జరుగుతుంది. అదే కావ్యం తర్వాతి ముద్రణ ఎక్కడో దొరుకుతుంది, 46, 47 పుటలు తీసి అతికించేస్తారు. రెండో ముద్రణలో అక్షరాల సైజు మారితే పుటలు అవే చోట తెగవు. 45 చివర సగంలో ఆగిన పద్యం ఆ ముద్రణలో 43లోనో 50లోనో ఉంటుంది. పైగా మొదటి ముద్రణ తప్పొప్పుల పట్టికలోవి అందులో దిద్దేసి ఉంటారు. పాఠాంతరాలూ ఉండొచ్చు. కనుక అదే ముద్రణ ప్రతి దొరికేదాకా ఆ రెండు పుటలను సమస్యాత్మకం అని గుర్తించి ఖాళీగా ఉంచడమే నయం. పాఠకులకు కథ తెగకుండా ఉండాలని తప్పనిసరిగా అతికించాల్సి వస్తే, ఏ ముద్రణ నుంచి, ఏ పద్యం దగ్గర మొదలై ఏ పద్యం దగ్గర ముగిసిందో ఆ పుట తలమీదే రాసి, వేరే రంగులోనో గీతల మధ్యనో పెట్టాలి. మాస్టారు కంఠతా వచ్చిన పద్యాలు రాసిస్తామంటారు. వద్దనకుండా తీసుకుని, గ్రంథాలయం నుంచి బొమ్మలు వచ్చిన రోజు పోల్చి చూడటానికి విడిగా ఒక ఫైలులో దాచండి.